ఒంటిగంటకు అన్నానికి లేచిన సేల్స్‌మన్: హనుమకొండలోని ఒక చీరల అంతస్తు డ్యూటీ చార్ట్ కథ

హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో ఉన్న మూడంతస్తుల బట్టల దుకాణం యజమాని నన్ను పిలిపించినప్పుడు ఆయన దగ్గర ఒకే ఫిర్యాదు ఉంది. సాయంత్రం ఆరు దాటాక మొదటి అంతస్తులోని చీరల విభాగం జనంతో నిండిపోతున్నదని, చూపించే మనిషి దొరకక కొందరు మెట్లు దిగి వెళ్లిపోతున్నారని, అందుకని సాయంత్రానికి మనుషులను పెంచాలని ఆయన కోరిక. సిబ్బంది ఫిర్యాదు వేరు. షట్టర్ తొమ్మిదిన్నరకు దించుతున్నా చీరలు మడత పెట్టి సర్ది బయటపడేసరికి రాత్రి 10 గంటల 40 నిమిషాలు అవుతున్నదని, హసన్‌పర్తి, ధర్మసాగర్ వైపు ఊళ్లకు పోయేవాళ్లకు బస్సు దొరకడం లేదని వాళ్ల బాధ. రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటేనని, అది సాయంత్రంలో లేదని నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో ఒక తప్పుడు చార్టు కూడా నా చేతి మీదుగానే అమలైంది.

చీరల అంతస్తు జాబితాలో 16 మంది ఉన్నారు. వారపు సెలవులు పోను మామూలు రోజున సుమారు 14 మంది పనిలో ఉంటారు. వాళ్లలో సగం దాకా ఆడపిల్లలు. అందరూ ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చేవారు, దుకాణం 10 గంటలకు తెరిచేవారు, రాత్రి అందరూ కలిసే వెళ్లేవారు. ఒంటిగంటకు ఏడుగురు, రెండింటికి ఏడుగురు అన్నానికి పోవడం ఎన్నో ఏళ్లుగా వస్తున్న పద్ధతి. అంటే ఒక్కొక్కరు 13 గంటలు దుకాణంలోనే గడిపేవారు. మన దగ్గర అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం రోజుకు 8 గంటల పని, వారానికి 48 గంటలు, ఏకధాటిగా 5 గంటలకు మించకుండా మధ్యలో గంట విరామం, విరామాలతో కలిపి మొత్తం 12 గంటలకు మించని వ్యవధి అని చెబుతుంది. ఆడవాళ్లను రాత్రి ఎనిమిదిన్నర తర్వాత పనిలో ఉంచకూడదన్న నిబంధన కూడా అందులో ఉంది. ప్రభుత్వం ఇచ్చే మినహాయింపులు షరతులతోనే వస్తాయి. కొత్త చార్టు ఏదైనా ఈ గీతల లోపలే ఉండాలని మొదటి రోజే యజమానితో ఒప్పందం చేసుకున్నాను. ఆయన పెద్దగా అడ్డు చెప్పలేదు. రాత్రి ఆలస్యం వల్ల ఆ ఏడాది అప్పటికే నలుగురు మంచి పనివాళ్లు మానేశారు.

మాఘమాసంలో, పెండ్లిళ్ల సీజను నడుస్తుండగా పని మొదలుపెట్టాను. గుమ్మం దగ్గర మనుషులను లెక్కపెట్టే సెన్సర్ అప్పటికే ఉంది. దాని లెక్కలు గంటల వారీగా తీస్తే సాయంత్రం 6 నుంచి 8 గంటల మధ్య పెద్ద గుట్ట, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో చిన్న గుట్ట కనిపించాయి. యజమాని చెప్పింది నిజమేననుకున్నాను. ఎనిమిది మందిని ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకు ఉంచి, ఆరుగురిని మధ్యాహ్నం రెండింటికి రమ్మని మొదటి చార్టు వేశాను. మూడు వారాల తర్వాత చూస్తే సాయంత్రపు అమ్మకం ఉన్నచోటనే ఉంది, చీరల అంతస్తు మొత్తం అమ్మకం మాత్రం తగ్గింది. అదీ పెండ్లిళ్ల సీజనులో. ఆ చార్టును రద్దు చేయించి, పాత పద్ధతినే మళ్లీ పెట్టించి, లెక్క మొదటినుంచి మొదలుపెట్టాను.

సెన్సర్ చేసిన మోసం మొదట బయటపడింది. పక్కపక్కన నడిచే ఇద్దరిని అది ఒక్కరుగా లెక్కిస్తుంది, చాయ్‌కి పోయి వచ్చే మన సేల్స్‌మన్‌ను ఇద్దరు కస్టమర్లుగా లెక్కిస్తుంది. ఇవి చిన్న తప్పులు, గంటసేపు మనిషిని నిలబెట్టి చేత్తో లెక్కిస్తే సరిదిద్దుకోవచ్చు. పెద్ద చిక్కు ఏమిటంటే చీరల దుకాణానికి తలలతో పనిలేదు. నర్సంపేట నుంచి పెండ్లి బట్టలకు వచ్చిన ఎనిమిది మంది ఒకే పరుపు ముందు కూర్చుంటారు, వాళ్లకు చూపించేది ఒకే సేల్స్‌మన్. సాయంత్రం నయీంనగర్ నుంచి వచ్చిన దంపతులు ఇద్దరే అయినా వాళ్లకూ ఒక సేల్స్‌మన్ కావాలి. లెక్కించవలసింది మనుషులను కాదు, జట్లను. జట్టును లెక్కించినా సరిపోదు, ఆ జట్టు ఎంతసేపు కూర్చుంటుందో కూడా తెలియాలి.

అందుకని ఫాల్గుణంలో నాలుగు వారాలపాటు కాగితపు టోకెన్లు వాడాం. మొదటి అంతస్తు మెట్ల మొదట్లో ఒక కుర్రవాడిని కూర్చోబెట్టి, పైకి వెళ్లే ప్రతి జట్టుకు ఒక చీటీ ఇచ్చి దానిమీద వచ్చిన సమయం రాయించాం. కొన్నవారి చీటీ బిల్లింగ్ కౌంటర్ దగ్గర, కొననివారి చీటీ దిగేటప్పుడు అదే కుర్రవాడు సమయం వేసి తీసుకునేవాడు. జట్టు పెండ్లి బట్టలకు వచ్చిందా, మామూలు కొనుగోలుకా అన్నది ఫ్లోర్ ఇన్‌చార్జ్ చీటీమీద ఒక గుర్తు పెట్టేవాడు. ఇంతకన్నా యంత్రమేదీ వాడలేదు. చీటీలు పోగొట్టుకున్నవాళ్లు, పిల్లలు చింపేసినవి కొన్ని ఉన్నాయి, వాటిని వదిలేశాం.

ఆ చీటీలు చెప్పిన సంగతి ఇది. మామూలు రోజున సుమారు 104 జట్లు పైకి వస్తాయి, వాటిలో 12 మాత్రమే పెండ్లి జట్లు. కాని ఆ పన్నెండులో ఎనిమిది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 గంటల లోపలే వస్తాయి. కారణం వెతకనక్కరలేదు. పరకాల, ములుగు, నర్సంపేట, జనగామ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంటి పని ముగించుకొని బస్సెక్కితే హనుమకొండలో దిగేసరికి పదకొండు దాటుతుంది. చీకటి పడకముందే ఊరు చేరాలి కనుక నాలుగింటికల్లా తిరుగు ప్రయాణం పెట్టుకుంటారు. సాయంత్రం వచ్చేది పట్నంవాళ్లు. వాళ్లు ఎక్కువమంది వస్తారు, కొద్దిసేపు చూస్తారు, నచ్చకపోతే మరునాడు వస్తారు. ఊరినుంచి వచ్చినవాళ్లకు మరునాడు లేదు, ఇక్కడ లేచారంటే పక్క దుకాణంలో కూర్చుంటారు.

ఫ్లోర్ మీద గడియారం పట్టుకొని గమనిస్తే మామూలు జట్టుకు ఒక సేల్స్‌మన్ సమయం సగటున 24 నిమిషాలు పట్టింది. పెండ్లి జట్టు 96 నిమిషాలు కూర్చుంటుంది, చూపించే మనిషితోపాటు ర్యాక్‌ల నుంచి చీరలు దింపి అందించే మనిషి సగం సమయం వాళ్లకే పోతాడు, కనుక మొత్తం 144 నిమిషాల పని. ఒక పెండ్లి జట్టు ఆరు మామూలు జట్లతో సమానమన్నమాట. పైగా ఆ పని వచ్చిన గంటలోనే అయిపోదు. గంటలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే జట్టుకు ఆ గంటలో సగటున 30 నిమిషాలే పడతాయి, తర్వాతి గంటలో సుమారు 55, ఆపై గంటలో మిగిలినవి. గుమ్మం దగ్గర పన్నెండింటికి కనిపించిన అల పరుపుల దగ్గర ఒంటిగంటకు లేస్తుంది.

ఒంటిగంట నుంచి రెండు వరకు ఉన్న గంటను తీసుకొని లెక్క చేసి చూపిస్తాను. ఆ గంటలో కొత్తగా వచ్చే జట్లు 8 మాత్రమే, వాటిలో 2 పెండ్లివి. వాటి పని 90 నిమిషాలు. పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య వచ్చి ఇంకా కూర్చున్న 3 పెండ్లి జట్ల పని 249 నిమిషాలు, అంతకుముందు గంటలో వచ్చిన రెండింటి తోక 32 నిమిషాలు. మామూలు జట్ల పని, కొత్తవీ పాతవీ కలిపి, 154 నిమిషాలు. మొత్తం 525 నిమిషాలు. ఒక సేల్స్‌మన్ గంటలో 60 నిమిషాలూ చూపిస్తూ కూర్చోలేడు. నీళ్లు తాగాలి, ధర అడిగి రావాలి, బిల్లింగ్ దాకా వెళ్లి రావాలి. 48 నిమిషాలు దొరికితే గొప్ప. 525ను 48తో భాగిస్తే 11 మంది కావాలి. ఇదే లెక్క సాయంత్రం 6 నుంచి 8 దాకా చేస్తే గంటకు 10 మంది చాలు, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా 6 మంది చాలు. రోజు మొత్తంలో మనుషులు ఎక్కువగా కావలసిన గంట ఒంటిగంటే. ఆ గంటలో ఫ్లోర్ మీద ఉండేది ఏడుగురు, మిగతా ఏడుగురు అన్నం దగ్గర. నేను వేసిన మొదటి చార్టులోనైతే నలుగురే.

ఇంత పెద్ద లోటు ఇన్నేళ్లు ఎవరికీ ఎందుకు కనిపించలేదన్న ప్రశ్నకు జవాబు కంప్యూటర్ రిపోర్టులోనే ఉంది. ఆ రిపోర్టు ఒక గంటలో పడిన బిల్లులను అదే గంటలో వచ్చినవారితో భాగిస్తుంది. ఒంటిగంట నుంచి రెండు మధ్య 8 జట్లు వస్తే 7 బిల్లులు పడేవి, కనుక నూటికి 88 మంది కొన్నట్టు చూపేది. అది రోజంతటిలోకీ మంచి గంటగా పేరు తెచ్చుకుంది. చీటీల సమయాలు చూస్తే ఆ ఏడు బిల్లుల్లో నాలుగు పదకొండు గంటలవాళ్లవి, రెండు పన్నెండు గంటలవాళ్లవి, ఒక్కటే ఆ గంటలో వచ్చినవాళ్లది. జట్టు వచ్చిన సమయం ప్రకారం లెక్కిస్తే పదకొండు గంటలవాళ్లు 9 జట్లలో 6 కొన్నారు, పన్నెండు గంటలవాళ్లు 11లో 5 మాత్రమే కొన్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఇంకా తక్కువ.

ఎలా పోతున్నారో నేను కళ్లారా చూసింది ఒకటి చెప్పాలి. పన్నెండూ పావుకు ఒక పెద్దావిడ, ఆమె కోడళ్లు, పెండ్లిపిల్ల, ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. అనుభవజ్ఞుడైన యాభై ఏళ్ల సేల్స్‌మన్ ఒకాయన వాళ్ల ముందు నలభై చీరల దాకా విప్పాడు, తొమ్మిదింటిని పక్కకు తీసిపెట్టించాడు. ఒంటిగంటా పది నిమిషాలకు ఆయన వంతు అన్నం వేళ అయింది. లేచి ఒక కుర్రవాడిని కూర్చోబెట్టి వెళ్లాడు. ఆ కుర్రవాడు పక్కన పెట్టిన తొమ్మిది చీరలను చూడకుండానే, "ఏ రేంజ్‌ల చూపియ్యాలె అమ్మా?" అని మొదలుపెట్టాడు. పెద్దావిడ అతని ముఖంలోకి చూసి, "గంట సేపటికెళ్లి చూస్తున్నం బిడ్డా, మల్లా మొదటికెళ్లి చెప్పాల్నా? లేవుండ్రి పోదాం" అంది. తొమ్మిది చీరలూ అక్కడే ఉన్నాయి. వాళ్లు పోయాక ఆ నలభై చీరలను ఎవరూ మడత పెట్టలేదు, ఎందుకంటే విప్పినాయన అన్నం దగ్గర ఉన్నాడు, కుర్రవాడికి అవి తనవి కావు.

రాత్రి ఆలస్యానికి మూలం కూడా ఇక్కడే దొరికింది. పెండ్లి జట్టు విప్పిన చీరలు మడత పెట్టి సర్దడానికి సుమారు 40 నిమిషాలు, మామూలు జట్టువి 8 నిమిషాలు పడతాయి. రోజు మొత్తం కలిపితే 20 గంటల మనిషి పని. అందులో సాయంత్రం ఐదు తర్వాత పుట్టేది 9 గంటల లోపే. మిగతా 11 గంటల పైచిలుకు పగటిది. మూడు నుంచి ఐదున్నర దాకా ఫ్లోర్ మీద సగంమందికి పైగా ఖాళీగా ఉండే దుకాణంలో ఆ పగటి పని పగలే ముగియాలి. కాని ఎవరి పరుపు చీరలు వాళ్లే మడవాలన్న అలవాటు వల్ల, విప్పినవాళ్లు ఆలస్యంగా తిని అలసి కూర్చునేవారు కనుక, చాలా భాగం రాత్రికి బాకీ పడేది. ఆ కుప్పల మధ్యనే సాయంత్రం అమ్మేవారు. యజమానికి సాయంత్రం మనుషులు చాలడం లేదని అనిపించింది అందుకే. మనుషులు ఉన్నారు, సగం పరుపులు పగటి చీరలతో నిండి ఉండడంతో కొత్తవాళ్లను కూర్చోబెట్టే చోటు లేదు.

ఉగాది తర్వాత అమలు చేసిన చార్టు మూడు బ్యాచ్‌లది. నలుగురు తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా, నలుగురు పదకొండు నుంచి ఎనిమిది దాకా, ఆరుగురు మధ్యాహ్నం పన్నెండూ ముప్పావు నుంచి రాత్రి తొమ్మిదీ ముప్పావు దాకా. గంట విరామం పోను ఎవరికైనా 8 గంటల పని. ఆడపిల్లలందరూ మొదటి రెండు బ్యాచ్‌లలోనే ఉంటారు. అన్నం వేళ ఒంటిగంట నుంచి కదిలింది. మొదటి బ్యాచ్ రెండుంబావుకు, రెండోది మూడుంబావుకు పోతాయి. మూడో బ్యాచ్ ఇంట్లో తినే వస్తుంది కనుక నాలుగు నుంచి ఆరు మధ్య ముగ్గురు ముగ్గురుగా గంట విరామం తీసుకుంటారు. దీనితో పన్నెండూ ముప్పావు నుంచి రెండుంబావు దాకా పద్నాలుగు మందీ ఫ్లోర్ మీదే ఉంటారు. పెండ్లి జట్టును మొదలుపెట్టిన సేల్స్‌మన్ బిల్లు దాకా లేవకూడదని, అవసరమైతే అతని అన్నం వేళే మారుతుందని ఒక నియమం పెట్టాం. ఈ నియమం లేకుండా చార్టు ఒక్కటే పనిచేసేది కాదని నా అభిప్రాయం.

ఉదయపు పని సులభంగానే తేలింది. చీరల మీద కప్పిన దుప్పట్లు తీయడం, బొమ్మల మీది చీరలు మార్చడం, రాత్రి మిగిలినవి సర్దడం, దీపం పెట్టి అగర్‌బత్తి వెలిగించడం కలిపి 3 గంటల మనిషి పని. అంతకుముందు దానికోసం పద్నాలుగు మంది అరగంట ముందు వచ్చేవారు. ఇప్పుడు నలుగురు అరగంటలో 2 గంటల పని చేస్తారు, మిగిలింది పది నుంచి పదకొండు మధ్య అవుతుంది, ఆ గంటలో వచ్చేది నాలుగు జట్లే. బోణీ అయ్యేదాకా ట్యాగులు వేసే పని పెట్టవద్దని యజమాని అన్నారు. కొత్త పార్సెళ్లకు ట్యాగులు వేయడం నాలుగింటికి మార్చాం. గల్లాలో వేయవలసిన చిల్లరను ఉదయం బదులు ముందురోజు రాత్రే లెక్కపెట్టి సంచిలో కట్టి ఉంచడం వల్ల మొదటి బిల్లు దగ్గర తడుముకోవడం పోయింది.

రాత్రి పనిమీదే వాదన ఎక్కువ జరిగింది. మడత పని తొమ్మిదిన్నరకు కాక ఎనిమిదికే మొదలుకావాలని, ఉన్న ఏడు పరుపులను ఒక్కొక్కటిగా మూసుకుంటూ రావాలని నేను చెప్పాను. దుప్పటి కప్పిన పరుపు చూస్తే కస్టమర్ మెట్ల దగ్గరే తిరిగిపోతాడని యజమాని భయం. ఆ భయంలో న్యాయముంది. అందుకని మెట్లెక్కిన మనిషికి కనిపించని లోపలి వైపు నుంచి మొదలుపెట్టాం. ఎనిమిదికి లోపలి రెండు, ఎనిమిదీ ముప్పావుకు ఇంకో రెండు మూస్తారు. మెట్ల ఎదురుగా ఉన్న మూడు చివరి కస్టమర్ లేచేదాకా తెరిచే ఉంటాయి. సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా డిగ్రీ చదివే ఇద్దరు కుర్రవాళ్లను మడతకోసమే తీసుకున్నాం. వాళ్లు అమ్మరు, అమ్మవద్దని స్పష్టంగా చెప్పాం. బిల్లింగ్‌లో రెండో కౌంటర్‌ను ఎనిమిదీ ముప్పావుకు మూసి, దాని నగదు, కార్డు మిషన్ సెటిల్‌మెంట్, యూపీఐ మొత్తం అప్పుడే సరిచూస్తారు. తేడా వస్తే వెతకడానికి ముప్పావుగంట చేతిలో ఉంటుంది. అంతకుముందు రెండు గల్లాలనూ షట్టర్ దించాక కలిపి లెక్కించేవారు, వంద రూపాయల తేడాకోసం అందరూ నిలబడేవారు.

వైశాఖంలో మళ్లీ రెండు వారాలు చీటీలు పంచాం. పన్నెండు గంటలవాళ్లలో 11 జట్లకు 5 కొనేచోట 7 కొన్నాయి. చివరి మనిషి బయటికి వచ్చే సమయం మామూలు రోజుల్లో 9 గంటల 50 నిమిషాలకు చేరింది. సాయంత్రం కొనేవారి నిష్పత్తి దాదాపు మారలేదు, కాని కూర్చునే చోటు లేక దిగిపోయేవాళ్ల చీటీలు తగ్గాయి.

చార్టుకు లోపాలున్నాయి. పన్నెండు నుంచి పన్నెండూ ముప్పావు దాకా పది మంది కావలసినచోట ఎనిమిది మందే ఉంటారు. మూడో బ్యాచ్‌ను ఇంకా ముందుకు జరిపితే రాత్రి తరుగుతుంది, కనుక ఆ ముప్పావుగంట కింది అంతస్తు పిల్లల బట్టల విభాగం నుంచి ఇద్దరిని తెచ్చుకుంటున్నారు. రెండుంబావు దాకా అన్నం లేకపోవడం మొదటి బ్యాచ్‌కు కష్టమైంది. పదకొండింటికి, రెండో బ్యాచ్ వచ్చిన వెంటనే, పావుగంట టిఫిన్ విరామం ఇచ్చాక సద్దుమణిగింది. షుగర్ ఉన్న సీనియర్ ఒకాయనను ఈ నియమం నుంచి తప్పించి ముందుగానే అన్నానికి పంపిస్తున్నాం. అమ్మకం మీద ఇచ్చే ఇన్‌సెంటివ్ విషయంలో రాత్రి బ్యాచ్‌లో ఉన్నవాళ్లకు పెండ్లి జట్ల మొదటి వంతు అందడం లేదన్న గొణుగుడు ఇంకా ఉంది. మగవాళ్లను వారం వారం మార్చగలుగుతున్నాం, ఆడపిల్లలకు ఆ వీలు లేదు.

ఆషాఢంలో ఈ చార్టు పూర్తిగా చెడింది. ముహూర్తాలు లేని నెలలో పెండ్లి జట్లు ఆగిపోతాయి, తగ్గింపు ధరలకోసం పట్నం జనం సాయంత్రం ముంచెత్తుతారు. మొదటి వారంలోనే ఒంటిగంటకు పద్నాలుగు మంది ఖాళీగా కూర్చున్నారు. ఆ నెలకు అన్నం వేళలను మళ్లీ ముందుకు తెచ్చి, మూడో బ్యాచ్‌ను పెంచి వేరే చార్టు వేశాం. ఆదివారానిది వేరు, బతుకమ్మ నుంచి దసరా దాకా ఉండే రోజులకు చార్టే పనికిరాదు, మనుషులను పెంచుకోవాల్సిందే. చార్టు కాలం చెల్లిందని తెలుసుకోవడానికి ఫ్లోర్ ఇన్‌చార్జ్‌కు ఒకే కొలత ఇచ్చాను. సాయంత్రం ఐదున్నరకు మడత పెట్టని చీరలున్న పరుపులు ఎన్ని అని రోజూ పుస్తకంలో రాయాలి. రెండు దాటితే పగటి లెక్క తప్పినట్టు. వరసగా వారం రోజులు సున్నా పడితే పగలు మనుషులు ఎక్కువైనట్టు. దీపావళి తర్వాత నేను వెళ్లినప్పుడు ఆ పుస్తకంలో వరసగా తొమ్మిది సున్నాలు ఉన్నాయి. ముహూర్తాలు మళ్లీ ఎప్పుడు మొదలవుతున్నాయో చూడడానికి ఇన్‌చార్జ్ అప్పటికే పంచాంగం తెచ్చి బిల్లింగ్ కౌంటర్ పక్కన వేలాడదీశాడు.